బిట్టు ఆగింది, చక్ మాత్రం తిరుగుతోంది

కిటికీ మీద కర్టెన్ రాడ్ బిగించబోయిన వాళ్లలో చాలామందికి ఈ అనుభవం ఉంటుంది. పొద్దున అదే మిషన్‌తో, అదే 6 మి.మీ. బిట్టుతో పక్క గోడకు ఫొటో తగిలించడానికి రంధ్రం వేస్తే సాఫీగా దిగింది. కిటికీ నెత్తిన పెట్టేసరికి అర అంగుళం లోపలికి పోయి ఆగిపోయింది. మోటారు తిరుగుతూనే ఉంది. ముందు ఒక కీచు శబ్దం, వెనకే ఇనుము కాలిన వాసన. ‘మిషన్ పోయింది’ అని తేల్చేసి, దాన్ని సంచిలో వేసుకుని రిపేరు షాపుకు బయల్దేరతారు.

మిషన్ పోలేదు. గోడ మారింది. ఫొటో తగిలించింది ఇటుక గోడకు. కిటికీ మీద ఉన్నది లింటెల్, అంటే లోపల ఇనుప చువ్వలు పెట్టి పోసిన కాంక్రీటు దూలం. ఇటుకలో మొద్దుబారిన బిట్టు కూడా ఎలాగోలా పని కానిచ్చేస్తుంది. కాంక్రీటులో ఆ ఆటలు సాగవు. మొన కోయనప్పుడు మోటారు బలమంతా బిట్టును మెలిపెట్టడానికే పోతుంది. ఆ మెలి తట్టుకోవాల్సింది బిట్టు కాడను చక్ పట్టుకున్న చోటు. అక్కడ పట్టు చాలకపోతే చక్ తిరుగుతుంది, బిట్టు నిలబడిపోతుంది. పట్టు జారిందని చక్‌ను తిట్టుకుంటాం కానీ, పది సార్లలో ఎక్కువ సార్లు గొడవ మొదలయ్యేది రెండో చివర, మొన దగ్గరే.

జారేది ఎక్కడో ముందు తేల్చుకోకపోతే తర్వాత చేసే పనంతా వృథా. అందుకు పనిముట్లేమీ అక్కర్లేదు, చూపు చాలు. బిట్టు ఆగిపోయి దాని చుట్టూ చక్ తిరుగుతుంటే, జారేది చక్ దవడల్లోనే. బిట్టూ చక్కూ రెండూ ఆగిపోయి లోపల కటకటమని చప్పుడు వస్తుంటే అది జారడం కాదు. బ్యాటరీ డ్రిల్లుల్లో చక్ వెనక అంకెలున్న రింగు ఒకటి ఉంటుంది. ఇంత బలం చాలు అని మనం పెట్టిన అంకె దాటగానే లోపలి క్లచ్ వదిలేస్తుంది. స్క్రూ తల తెగకుండా కాపాడటమే దాని పని. రంధ్రం వేసేటప్పుడు ఆ రింగును డ్రిల్లు బొమ్మ దగ్గరికి తిప్పుకోవాలి, అంతే. ఇక బిట్టూ చక్కూ కలిసి తిరుగుతూ స్క్రూ మాత్రం కదలకపోతే, తప్పు స్క్రూడ్రైవర్ బిట్టు మొనదో స్క్రూ తలదో అయి ఉంటుంది. చక్‌ను ఎంత బిగించినా అది తీరదు.

కళ్లతో తేలకపోతే ఒక మార్కర్ పెన్ను తీసుకోండి. బిట్టు బిగించాక కాడ మీదనుంచి దవడ మీదికి వచ్చేలా ఒక సన్నని గీత గీయండి. ఒక రంధ్రం వేసి చూడండి. గీత రెండు ముక్కలై చెరో వైపుకి పోతే జారినట్టు. కలిసే ఉంటే పట్టు బాగానే ఉంది, వేరే చోట వెతకాలి. అరుదుగా చక్ మొత్తం మోటారు షాఫ్టు మీద వదులై తిరుగుతుంది. ప్లగ్గు పీకేసి చక్‌ను చేత్తో తిప్పితే అది తెలిసిపోతుంది. లోపలి గేర్ల బరువు చేతికి తగలాలి. ఏమీ తగలకుండా చక్ తేలిగ్గా తిరిగిందంటే షాఫ్టు దగ్గర మర వదిలిందన్నమాట.

ఇక్కడ చక్ లోపల ఏముందో కాస్త చెప్పుకోవాలి. ఇప్పుడు మనం వాడే తాళంచెవి చక్‌కు అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ఆర్థర్ జేకబ్స్ అనే ఆయన 1902లో పేటెంట్ తీసుకున్నాడు. అసలు పోలిక అప్పటినుంచి పెద్దగా మారలేదు. ఉక్కు దిమ్మలో మూడు ఏటవాలు రంధ్రాలు ఉంటాయి. వాటిలో మూడు దవడలు ముందుకూ వెనక్కూ జారుతుంటాయి. ముందుకొస్తే దగ్గరవుతాయి, వెనక్కి పోతే దూరమవుతాయి. ఒక్కో దవడ వీపు మీద మరలు కోసి ఉంటాయి. ఆ మూడింటినీ చుట్టి ఒకే నట్టు ఉంటుంది. మనం తాళంచెవితో తిప్పే బయటి పళ్ల తొడుగు ఆ నట్టునే తిప్పుతుంది. ఒకే నట్టు మూడింటినీ కదుపుతుంది కనుక మూడూ సరిగ్గా ఒకే చోట కలవాలి. ఈ ముక్క గుర్తుంచుకుంటే, దవడలు పాడయ్యాయో లేదో ఎవరినీ అడగక్కర్లేదు.

దవడలు గట్టిపరచిన ఉక్కు. బిట్టు కాడ వాటికంటే మెత్తన. అందుకే జారిన ప్రతిసారీ ముందు దెబ్బ తినేది కాడ. ఆగిపోయిన బిట్టును బయటికి తీసి కాడను వెలుతురులో తిప్పి చూడండి. చుట్టూ ఉంగరాల్లా గీతలు కనబడతాయి. గోటితో రాస్తే గీతల అంచుల్లో లేచిన ఇనుప పొరక గుచ్చుకుంటుంది. అసలు చిక్కంతా ఆ పొరకలోనే ఉంది. మళ్లీ బిగించినప్పుడు దవడలు కాడను నిండా తాకవు, ఎత్తుగా లేచిన ఆ పొరకల మీద మాత్రమే ఆనుకుంటాయి. చేతికి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది. రెండో రంధ్రంలో పొరక నలిగిపోతుంది, పట్టు వదులవుతుంది, మళ్లీ జారుతుంది. ఒకసారి జారిన బిట్టు మళ్లీ మళ్లీ జారడానికి కారణం ఇదే. కాడ మీద సన్నపళ్ల ఆకురాయి నాలుగు సార్లు పొడుగునా నడిపి, పొరకను చదును చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. అప్పటికే కాడ నడుము దగ్గర సన్నబడి ఉంటే ఆ బిట్టును పారేయడమే మేలు. బిట్టు మీద పిసినారితనం చూపిస్తే ఆ ఖర్చు చివరికి చక్ మీద పడుతుంది.

ఇప్పుడు మొన సంగతి. గోడల బిట్టు చివర కార్బైడ్ పలక ఒకటి అతికి ఉంటుంది. కొత్త బిట్టులో ఆ పలక ఒంటికంటే కొద్దిగా వెడల్పుగా, రెండు పక్కలా బయటికి పొడుచుకుని ఉంటుంది. వేలిగోరును కాడ వైపునుంచి మొన వైపుకి నడిపితే పలక అంచు దగ్గర టక్కున తగలాలి. అలా తగలకుండా గోరు జారిపోతే పలక మూలలు అరిగి గుండ్రబడ్డాయని అర్థం. అలాంటి బిట్టు వేసే రంధ్రం దాని ఒంటికే బిగుతు. ఒళ్లు రంధ్రం గోడలకు రాసుకుంటుంది. పొడి బయటికి రావడానికి సందు లేక గాడుల్లో గట్టిపడి ఇరుక్కుంటుంది. వేడెక్కి మొన నల్లగానో నీలంగానో మారుతుంది. ఆ దశలో ఎంత మంచి చక్ అయినా పట్టు వదలాల్సిందే. ఒక రకంగా వదలడమే మంచిది. వదలకపోతే మిషన్ మొత్తం మన మణికట్టును మెలితిప్పేస్తుంది.

లింటెల్‌లో ఇంకో ప్రమాదం చువ్వ. సాఫీగా దిగుతున్న బిట్టు ఒక్కసారిగా నిలబడిపోయి, రంధ్రంలోంచి వచ్చే బూడిద రంగు పొడిలో మెరిసే ఇనుప రజను కనబడితే ఇక అక్కడ ఆపేయాలి. గోడల బిట్టు ఇనుమును కోయదు. బలమంతా పెట్టి నొక్కితే పలక ఊడుతుంది, కాడ గీసుకుపోతుంది, దవడలు పాడవుతాయి. రెండు మూడు సెంటీమీటర్లు పక్కకు జరిగి మరో రంధ్రం వేసుకుంటే పని తేలిక. కర్టెన్ బ్రాకెట్ పట్టీ కింద పాత రంధ్రం దాగిపోతుంది కూడా.

కొత్త బిట్టు వేసినా జారుతుంటే అప్పుడు చక్ వైపు చూడాలి. ఇళ్లలో ఎక్కువగా కనబడే కారణం సిమెంటు పొడి. నెత్తిమీద రంధ్రం వేస్తే రాలే పొడంతా నేరుగా చక్ నోట్లోకే పోతుంది. దవడల వీపు మరల్లో చేరి ముద్దకడుతుంది. తాళంచెవి తిప్పితే గరగరమంటూ బిగుసుకుంటుంది. మన చేతి బలంలో సగం ఆ పొడిని నలపడానికే ఖర్చవుతుంది, కాడ మీదికి చేరేది మిగతా సగమే. బిగిసిందనుకుంటాం, బిగియదు. శుభ్రం చేయడం ఏమంత పెద్ద పని కాదు. ప్లగ్గు పీకేయాలి, బ్యాటరీ డ్రిల్లయితే బ్యాటరీ తీసేయాలి. దవడలు పూర్తిగా తెరిచి, చక్ నోరు నేల వైపు ఉండేలా పట్టుకుని, పాత టూత్‌బ్రష్‌తో లోపల తుడవాలి. పొడి రాలాక కొంచెం కిరోసిన్ తడిపిన బ్రష్‌తో మరోసారి రుద్ది, దవడలను నాలుగైదుసార్లు మూసి తెరవాలి. నోరు కిందికే ఉండాలి, లేకపోతే మురికి కిరోసిన్ మోటారు వైపు పోతుంది. గరగర పోయి చక్ తేలిగ్గా తిరుగుతున్నప్పుడు మరల మీదికి పోయేలా ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తే చాలు. కాడను తాకే ముఖాలను మాత్రం పొడిగుడ్డతో గట్టిగా తుడిచేయాలి. అక్కడ నూనె ఉంటే ఇంత చేసీ జారుడును మనమే తెచ్చిపెట్టుకున్నట్టు. బిట్టు కాడకూ అంతే. షాపులో కొన్న కొత్త బిట్టుకు తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది. తుడిచి మరీ పెట్టాలి.

శుభ్రం చేశాక దవడలను పూర్తిగా మూసి, ముందునుంచి టార్చి వేసి చూడండి. మూడు కొసలూ ఒకే ఎత్తులో, మధ్యలో ఒకే చోట కలవాలి. ఒకటి వెనకబడి ఉంటే దాని మరలు తెగినట్టో, లోపలి నట్టు చిట్లినట్టో, ఎవరో చక్ విప్పి దవడలను వరస తప్పి పెట్టినట్టో లెక్క. దవడల మీద 1, 2, 3 అని అంకెలుండేది ఆ వరస కోసమే. మూడు దవడల మరలూ చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒక్కోదానిది ఒక్కో మెట్టు, ఒకదాని చోట ఒకటి కుదరవు.

కొసలు కలిసినా పట్టు లేకపోవచ్చు. ఏళ్ల తరబడి జారిన చక్‌లో దవడల ముఖాలు ముందు భాగంలో అరిగి, గరాటు మూతిలా విప్పారుతాయి. అప్పుడు అవి కాడను లోపలి కొస దగ్గర మాత్రమే పట్టుకుంటాయి. కాడ నునుపుగా ఉన్న మంచి బిట్టును బిగించి, దాని చివరను పక్కలకు ఊపి చూస్తే తెలుస్తుంది. ఏ మాత్రం కదలకూడదు. కదిలితే దవడలు మూతి దగ్గర పట్టడం లేదు. ముఖాల మీద మెరిసే చిన్న చిన్న గడ్డలు కనబడితే మాత్రం కంగారు పడకండి. అవి చాలాసార్లు దవడవి కావు, జారినప్పుడు బిట్టు కాడనుంచి ఊడి అతుక్కున్న మెత్తటి ఇనుము. సన్న సూది ఆకురాయితో మెల్లగా తాకిస్తే గడ్డ రాలిపోతుంది. దవడ అసలు ఉక్కు తగలగానే ఆకురాయి కోయకుండా జారిపోతుంది, అక్కడితో ఆపేయాలి. అరిగిన దవడలను ఆకురాయితో ‘సరిచేస్తాం’ అనేవాళ్లను నమ్మకండి. మూడు ముఖాలూ ఒకే అక్షానికి రావడం చేతి పని కాదు.

బిగించే పద్ధతి దగ్గరే ఎక్కువమంది తొందరపడతారు. తాళంచెవి ఒక రంధ్రంలో పెట్టి ఒక్క తిప్పు తిప్పి, అయిపోయిందనుకుంటారు. చక్ చుట్టూ మూడు రంధ్రాలు ఇచ్చింది అందం కోసం కాదు. తాళంచెవి ఒక పక్కనుంచి నెట్టినప్పుడు పళ్ల తొడుగు రవ్వంత ఆ పక్కకే ఒరిగి రాసుకుంటుంది. కొంత బలం ఆ రాపిడికే పోతుంది. తర్వాతి రంధ్రానికి మారితే ఒరుగు సర్దుకుని నట్టు ఇంకాస్త తిరుగుతుంది. మొదటి రంధ్రంలో గట్టిగా బిగించాక రెండో దాంట్లో పెట్టి చూడండి, మళ్లీ కాస్త కదులుతుంది. మూడో దాంట్లో ఇంకాస్త. నాలుగోసారి మొదటి రంధ్రానికి వచ్చేసరికి ఇక కదలదు. చక్ నిజంగా బిగిసిందని తెలిసేది అప్పుడే.

దానికి ముందు బిట్టు కూర్చోవడం ముఖ్యం. కాడను లోపలికి దించి, అడుగుకు తగిలాక రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి తీయాలి. దవడలు నున్నటి కాడను నిండా పట్టాలి, మెలి గాడుల మీదికి రాకూడదు. గాడుల మీద పట్టిన దవడ రెండు అంచుల మీదే ఆనుతుంది, బిట్టూ విరుగుతుంది, దవడా చిట్లుతుంది. ముందు చేత్తో తిప్పి దవడలను దగ్గరకు తెస్తూ, బిట్టును వేళ్లతో అటూ ఇటూ తిప్పుతుండాలి. సన్న బిట్టులతో ఇది మరీ అవసరం. 3 మి.మీ. బిట్టు ఒక్కోసారి మధ్యలో కాకుండా రెండు దవడల సందులో ఇరుక్కుంటుంది. బిగిసినట్టే ఉంటుంది కానీ మిషన్ ఆన్ చేయగానే చివర గుండ్రంగా ఊగుతుంది. చాలా 13 మి.మీ. చక్‌లు 1.5 మి.మీ. కంటే సన్న కాడను పట్టలేవు. చక్ ఒంటి మీదే ఆ హద్దులు చెక్కి ఉంటాయి, చూసుకుంటే చాలు.

తాళంచెవికి పైపు తొడిగి తిప్పడం, సుత్తితో కొట్టడం చేయకూడదు. పళ్లు గుండ్రబడితే ఆ తర్వాత మామూలు బలం కూడా అందదు. అన్నిటికంటే పెద్ద ప్రమాదం తాళంచెవిని చక్‌లోనే మరిచిపోయి మిషన్ ఆన్ చేయడం. అది ఎవరి మొహం మీదికి ఎగురుతుందో చెప్పలేం. కొందరు ఎలక్ట్రీషియన్లు దాన్ని వైరుకు ప్లగ్గు పక్కనే కట్టుకుంటారు. తాళంచెవి చక్ దగ్గరికి రావాలంటే ప్లగ్గు ఊడక తప్పదు. ఇంతకంటే తెలివైన ఏర్పాటు నేను చూడలేదు.

తాళంచెవి లేని చక్‌లలో వెనక తొడుగు పట్టుకుని ముందుది తిప్పుతాం, ఒకే తొడుగు ఉన్నవాటిలో దాన్నే తిప్పుతాం. టకటకమని చప్పుడు వచ్చే రకమైతే ఆ టకటక మొదలయ్యాక ఇంకో రెండు మూడు సార్లు వినబడేదాకా తిప్పాలి. తొడుగును గుప్పిట్లో బిగబట్టి మోటారు ఆన్ చేసి బిగించే అలవాటు చాలామందికుంది. చూడ్డానికి వేగంగా ఉంటుంది. అరచేయి గీరుకుపోవడం ఒక నష్టం, ఎంత బిగిసిందో చేతికి తెలియకపోవడం రెండో నష్టం. ఇంకో సంగతి, హేమర్ మోడ్‌లో కొట్టే అదురుకు ఈ చక్‌లు మెల్లమెల్లగా వదులవుతాయి. రెండు రంధ్రాలకోసారి మళ్లీ బిగించుకోవడం మంచిది.

స్క్రూడ్రైవర్ బిట్టుల విషయం వేరు. వాటి కాడ ఆరు పలకలు, అడ్డంగా 6.35 మి.మీ., అంటే పావు అంగుళం. మూడు దవడలు మూడు పలకల మీద చదునుగా కూర్చుంటే అవి చక్‌లో జారే ప్రసక్తే ఉండదు. మూలల మీద కూర్చోబెట్టి బిగిస్తే మాత్రం మొదటి స్క్రూకే కదిలిపోతుంది. ‘స్క్రూడ్రైవర్ బిట్టు జారుతోంది’ అని జనం అనేది దాదాపు ఎప్పుడూ మొన గురించే. నాలుగు రెక్కల అంచులు గుండ్రబడి, స్క్రూ తలలోంచి పైకి ఎక్కి వచ్చేస్తుంది. రెక్కల మీద మెరుపు, కొస దగ్గర మెలితిరిగిన గుర్తు కనబడితే బిట్టు మార్చాలి. నం. 2 తల ఉన్న స్క్రూకు నం. 1 బిట్టు వాడితే కొత్తదైనా అలాగే ఎక్కి వస్తుంది. ఆ బిట్టు ఖరీదు తక్కువ, తల చెడిన స్క్రూను తలుపు బందులోంచి బయటికి తీయడమే కష్టం.

దవడలు నిజంగానే పోయాయని తేలితే చక్ ఒక్కటే మార్చుకోవచ్చు, మిషన్ మార్చక్కర్లేదు. పాత చక్ ఒంటి మీద మర కొలత ఉంటుంది. మన ఇళ్లలోని 13 మి.మీ. డ్రిల్లుల్లో తరచుగా కనిపించేది అర అంగుళం, అంగుళానికి 20 మరలు. కొత్తది అదే కొలతలో కొనాలి. విప్పేటప్పుడు ఒక మెలిక ఉంది. దవడలు పూర్తిగా తెరిస్తే అడుగున ఒక స్క్రూ కనబడుతుంది. రివర్స్ తిరిగే మిషన్లలో చక్ ఊడిపోకుండా అది కాపలా. దాని మర ఎడమ వాటం. మామూలుగా బిగించే వైపుకు, అంటే గడియారం ముల్లు తిరిగే వైపుకు తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక రెండో వైపుకు తిప్పి స్క్రూ తల తినేసినవాళ్లు ఎందరో. స్క్రూ తీశాక, పెద్ద అల్లెన్ కీ పొట్టి చివరను చక్‌లో బిగించి, పొడుగు చేయిని రబ్బరు సుత్తితో గడియారానికి ఎదురు దిశలో ఒక్కటి గట్టిగా తగిలిస్తే చక్ వదులవుతుంది. చిన్న చిన్న దెబ్బలు పది కొడితే చక్ కదలదు, గేర్లకే నష్టం.

మళ్లీ లింటెల్ దగ్గరికి వస్తే, ఇంపాక్ట్ డ్రిల్లుతో కాంక్రీటులో నాలుగు రంధ్రాలు వేయొచ్చు. కొత్త 6 మి.మీ. బిట్టు పెట్టి, మూడు రంధ్రాల్లోనూ బిగించి, పది పదిహేను సెకన్లకోసారి బిట్టు బయటికి తీసి పొడి రాల్చుకుంటూ పోవాలి. ఇల్లంతా కిటికీలకు రాడ్లు పెట్టాలంటే ఆ శ్రమ ఎందుకు, రోటరీ హేమర్ ఒక రోజుకు అద్దెకు తెచ్చుకోవడం నయం. దాని ఎస్‌.డి.ఎస్‌. బిట్టు కాడకు గాడులుంటాయి, ఆ గాడుల్లో చక్ పట్టుకునేది మెలి తిరగనీయదు, జారడమన్న మాటే రాదు. అద్దె మిషన్ తిరిగి ఇచ్చేశాక మిగిలిన ఆ బిట్టును మాత్రం మీ మూడు దవడల చక్‌లో పెట్టకండి. దవడలు ఆ గాడుల మీద పడి ఒకటి లోతుకు, రెండు పైకి పట్టి, బాగున్న చక్ కాస్తా మొదటి రోజే పాడవుతుంది.